పన్నెండో డబ్బా

పన్నెండు డబ్బాలు పెడితే పదకొండు బతికే ఉన్నాయి. పోయింది ఒక్కటే, అది మాస్టారి ఇంట్లోది.

ఆయన్ని ఆఫీసులో అందరూ మైక్రో మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు. ఆంపియర్‌ని పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రో ఆంపియర్. ఆ ముక్కల దగ్గర ఆయన ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం. ఎవరైనా బోర్డు మీద చిన్న ఎర్ర లైటు పెడితే చాలు, 'దీనికి అన్నం ఎవరు పెడతారు?' అని అడిగేవాడు. కుర్రకారు నవ్వుకునేవాళ్లు గానీ, ఆయన లెక్క తప్పగా చూసినవాళ్లు లేరు.

కంపెనీ ఆయన బావది, అంటే భార్యకి స్వయానా అన్నది. షట్టర్లు బాగుచేసే దుకాణం పైన రెండు గదులు, ఒక వసారా, తొమ్మిది మంది మనుషులు. కింద ఇనుము కోసే రొద, పైన టంకం పొగ. వాళ్లు చేస్తున్నది అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. కోల్డ్ స్టోరేజీ తలుపులకి తగిలిస్తారు. తలుపు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది రాసుకోవడమే దాని పని. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి. ఆ బిళ్లతో ఏడాది బతకాలి. కుండెడు నీళ్లిచ్చి ఏడాదంతా తాగమన్నట్టే.

అది బతికే పద్ధతి ఒక్కటే, నిద్ర. లోపలి చిప్పు గాఢ నిద్రలో ఉంటుంది. ఒక చిన్న గడియారం మాత్రం ఆగకుండా నడుస్తుంది. తలుపు చట్రానికి డబ్బా, తలుపుకి అయస్కాంతం. తలుపు కదిలి అయస్కాంతం దూరమైతే డబ్బాలో ఒక కాంటాక్ట్ కలుస్తుంది, అది చిప్పు భుజం తట్టి లేపుతుంది. ఆ తట్టడాన్నే ఇంటరప్ట్ అంటారు. చిప్పు లేచి టైము చూసుకుని 'తెరిచారు' అని మెమరీలో ఒక ముక్క రాసుకుని మళ్లీ ముసుగు తన్నుతుంది. మూసినప్పుడూ అంతే. మెలకువ మొత్తం సెకనులో యాభయ్యో వంతు ఉండదు. ఇది కాక గంటకోసారి 'ఉన్నాను' అని రేడియోలో ఓ చిన్న కూత. తలుపు సంగతి ఆ కూతలో చెప్పదు. అవన్నీ మోసుకెళ్లి చెప్పాలంటే బ్యాటరీ చాలదు. రాసుకున్నది చదవాలంటే మనిషే కేబులు పట్టుకుని దాని దగ్గరికి వెళ్లాలి.

కోల్డ్ స్టోరేజీ వాళ్లు నాలుగు వందల డబ్బాలు తీసుకుంటామన్నారు. ఒకే ఒక్క షరతు పెట్టారు. పన్నెండు డబ్బాల్ని పన్నెండు తలుపులకి పెట్టి ఏడాది నడిపి చూపించాలి. ఏడాది మధ్యలో ఎవరూ వాటిని లేపకూడదు, చదవకూడదు, బ్యాటరీ ముట్టుకోకూడదు. ఈ నియమం పెట్టింది మాస్టారే. చదవడానికి లేపితే ఆ ఖర్చు కూడా లెక్కలో కలిసి పరీక్ష పాడవుతుందని ఆయన వాదన. ప్రతి డబ్బా మీదా తన చేత్తోనే చీటీ అంటించాడు: 'ఏడాది దాకా నిద్ర లేపొద్దు.'

పదకొండు డబ్బాలు నిజం కోల్డ్ స్టోరేజీలకి పోయాయి. పన్నెండోదానికి వేరే పని పెట్టాడు. ఒట్టి నిద్రకి ఎంత ఖర్చవుతుందో తెలియాలంటే అసలు లేవని డబ్బా ఒకటి కావాలి. అంటే ఎప్పుడూ తెరుచుకోని తలుపు కావాలి. అలాంటి తలుపు ఎక్కడుందని ఆఫీసులో అందరూ ఆలోచిస్తుంటే, 'మా ఇంట్లో ఒకటుంది' అన్నాడు. బావ తల దించుకున్నాడు. తక్కిన పాతవాళ్లు తెలిసినా తెలియనట్టు ఊరుకున్నారు.

అది మాస్టారి కూతురి గది. తొమ్మిదేళ్ల పిల్ల. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆరో రోజు ఇంటికి ఇద్దరే తిరిగొచ్చారు. పదకొండో రోజున మాస్టారు ఆ గది తలుపు మూశాడు. 'మా ఆవిడ ముందు ఆ గది మాట ఎత్తకండి' అని చుట్టాలందరికీ చెప్పాడు. అందరూ మాట నిలబెట్టుకున్నారు. మన జనానికి ఏ మాటా నోట్లో ఆగదంటారు గానీ ఆ ఒక్క మాట రెండేళ్లు ఆగింది.

డబ్బా బిగించిన రోజు రాత్రి అన్నాల దగ్గర భార్య అడిగింది.

"ఏంటండీ అది?"

"ఆఫీసుది. తలుపు తీసినా వేసినా రాసుకుంటుంది. మిగతా టైమంతా నిద్రే."

"ఏ టైముకి తీశారో కూడా రాస్తుందా?"

"నిమిషంతో సహా."

"రాసిందంతా ఎవరు చూస్తారు?"

"నేనే. ఇంకెవరు చూస్తారు?" అన్నాడు కాస్త గొప్పగానే. మజ్జిగ పోసుకున్నాడు.

అది రెండు వందల తొంభై రోజుల కిందటి మాట.

మొన్న బుధవారం సాయంత్రం పన్నెండో డబ్బా కూత ఆగిపోయింది. ఇలాంటి బ్యాటరీ మెల్లగా నీరసించి ముందే సంకేతమిచ్చే రకం కాదు. చివరిదాకా నిటారుగా నిలబడి, ఒక్కసారి కూలబడుతుంది. గురువారం పొద్దున మాస్టారు డబ్బా ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. భార్య వంటగది గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. ఆయన ఏమీ చెప్పలేదు, ఆమె ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అది కొత్త కాదు.

ఆఫీసులో మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీలో చుక్క లేదు. చేతినిండా పని ఉన్న పదకొండు డబ్బాలు గుండ్రాయిలా ఉన్నాయి, ఏ పనీ లేని డబ్బా చచ్చింది. లోపల రాసుకున్నది చదవాలన్న ఆలోచన ఆయనకి రానేలేదు. తెరవని తలుపు డబ్బాలో చదవడానికి ఏముంటుంది?

"బోర్డు కారుతోంది బావా," అన్నాడు. "తేమో, సరిగ్గా కడగని టంకమో. ఎక్కడో ఒకచోట కరెంటు ఊరికే కారిపోతోంది."

బోర్డు గీసింది ఒక అమ్మాయి. ఆఫీసులో అందరూ బోర్డమ్మాయి అనే పిలుస్తారు. ఏడాది ఒప్పందం మీద చేరింది, ఆ ఒప్పందం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆమె జీతం మీద తండ్రి డయాలసిస్ నడుస్తోందని అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఎప్పుడూ ఆ సంగతి చెప్పుకోలేదు.

"నా బోర్డులో లీకేజీ లేదు సార్," అంది.

"మరి బ్యాటరీని దెయ్యం తాగిందా?" అన్నాడు మాస్టారు. తాను వేసింది జోకనుకున్నాడు.

బావ ఇద్దరినీ చూశాడు. మంచివాడే, కానీ నాలుగు వందల డబ్బాల ఆర్డరు నెత్తిన ఉంది. "సోమవారం సాయంత్రానికి కస్టమర్‌కి కారణం రాసి పంపాలి. అమ్మా, నీకు సోమవారం దాకా టైముంది. తప్పు బోర్డుదే అయితే మాత్రం ఒప్పందం పొడిగించలేను, ఏమీ అనుకోకు" అన్నాడు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఎక్కడో మొదలైన సంగతి ఆ అమ్మాయి ఉద్యోగం మీద పడింది.

సోమవారం పదిన్నరకి ఆమె మాస్టారి టేబుల్ దగ్గరికి వచ్చింది. చేతిలో పన్నెండో డబ్బా, రెండు కాగితాలు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాలుగు రోజులు మీటరు ముందు కూర్చున్న కళ్లు అవి.

"సార్, అయస్కాంతం దగ్గర పెట్టి మూడు రోజులు కొలిచాను. నిద్ర, గంటకో కూత, అన్నీ కలిపి సగటున ఎనిమిది మైక్రోలు. మీ లెక్కే. లీకేజీ లేదు."

"అయితే?"

"తరవాత అయస్కాంతం తీసేసి కొలిచాను. డెబ్బై అయిదు పెరిగింది."

ఇందులో వింత లేదు, అది మాస్టారికి తెలుసు. తెలిసే పెట్టాడు. తలుపు మూసి ఉంటే కాంటాక్ట్ విడిపోయి ఉంటుంది, చుక్క కారదు. తలుపు తెరిస్తే కాంటాక్ట్ కలుస్తుంది, చిప్పులోని నలభై వేల ఓంల రెసిస్టర్ గుండా కరెంటు నేలపాలవుతుంది, తలుపు తెరిచి ఉన్నంతసేపూ. 'బయట ఇంకా పెద్దది, రెండు మెగా ఓంలది పెడదాం సార్, తెరిచి ఉన్నా ఒకటిన్నర మైక్రోలే పోతుంది' అని ఈ అమ్మాయి అప్పుడే అడిగింది. 'లోపల ఉచితంగా ఒకటుంటే ఇంకొకటి దేనికమ్మా? కోల్డ్ స్టోరేజీ తలుపు బార్లా తెరిచిపెట్టే మహానుభావుడు ఎవడు?' అని ఆయనే కొట్టేశాడు.

"తెరిస్తే కదా," అన్నాడిప్పుడు. "ఆ తలుపు తెరుచుకోదు."

ఆమె కాగితాలు ముందుకు జరిపింది. "మెమరీ చదివాను సార్. బ్యాటరీ పోయినా రాసింది పోదు కదా. దాదాపు అయిదు వందల ముక్కలున్నాయి. సగం తెరవడాలు, సగం మూయడాలు."

మాస్టారు కాగితం ముట్టుకోలేదు. "దొంగ మెలకువలు. చిప్పుని లేపే పిన్ను నాయిస్ పట్టుకుంటోంది. పక్కన ఫ్రిజ్ ఆన్ అయినా, ట్యూబ్‌లైటు వేసినా ఎవరో తట్టారనుకుని లేస్తోంది. చూశావా, తప్పు బోర్డుదే."

"నాయిస్ అయితే నిమిషానికి పదిసార్లు రావాలి, లేదా అస్సలు రాకూడదు. ఇది రోజుకి ఒక్కసారే తెరుచుకుంటోంది సార్. పొద్దున తొమ్మిదీ నలభై ప్రాంతంలో తెరుచుకుంటుంది, సాయంత్రం అయిదున్నరకి మూసుకుంటుంది. అయినా అయిదు వందల మెలకువలకి బ్యాటరీ చావదు, మీరే చెప్పారుగా. దాన్ని చంపింది మెలకువ కాదు. తెరిచి ఉన్న టైము."

మాస్టారి ఇల్లు ఆఫీసుకి అరగంట దూరం. ఆయన ఇంట్లోంచి బయల్దేరేది తొమ్మిదీ ముప్పైకి. ఇంటికి చేరేది ఆరుకి.

"యాదృచ్ఛికం," అన్నాడు. గొంతు కాస్త పెరిగింది. పక్క టేబుల్ దగ్గర టంకం వేస్తున్నవాళ్లు తలెత్తారు.

"సార్," అందామె మెల్లగా, "మొత్తం నలభై ఒక్క ఆదివారాలు. ఒక్క ఆదివారం కూడా తెరుచుకోలేదు. నాయిస్‌కి ఆదివారం సెలవు ఉండదు కదా."

ఆమె రెండో కాగితం పైకి తీసింది.

"ఇక్కడ చూడండి, జూలైలో ఒక మంగళవారం నుంచి గురువారం దాకా మూడు రోజులు ఏమీ లేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మీ ఇంట్లో పగలు ఎవరుంటారు సార్?"

జూలైలో ఆ మూడు రోజులూ మాస్టారు జలుబూ జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు.

"నీకెందుకు మా ఇంటి సంగతి?" అని అరిచాడు. "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. బోర్డు సరిగ్గా గీయడం రాదు, మా ఇంటి తలుపు మీద పడ్డావు! ఆ తలుపు తెరుచుకోదన్నానా లేదా?"

కింద షట్టర్ల దుకాణంలో కోత మిషను కూడా అప్పుడే ఆగినట్టుంది. ఆ అరుపు రెండు గదుల్లోనూ వినబడింది. అమ్మాయి ముఖం పాలిపోయింది. ఏడవలేదు. కాగితాలు టేబుల్ మీదే వదిలి, "సారీ సార్," అని వెళ్లి తన సీట్లో కూర్చుంది. కాసేపటికి డ్రాయరు తెరిచి, తన సొంత ట్వీజర్లు, భూతద్దం ఏరుకుని సంచిలో పెట్టుకోసాగింది.

మాస్టారు అప్పుడు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఆయన బుర్ర ఊరుకోదు, లెక్క మొదలెట్టింది. రెండు వందల తొంభై రోజుల్లో ఆదివారాలూ జ్వరం రోజులూ తీసేస్తే రెండు వందల నలభై ఆరు. రోజుకి ఎనిమిది గంటలకి కొంచెం తక్కువ. అంటే పందొమ్మిది వందల గంటల పైచిలుకు. గంటకి డెబ్బై అయిదు మైక్రోల చొప్పున గుణించి, వెయ్యి మైక్రోలని ఒక మిల్లీగా లెక్కేస్తే నూట నలభై అయిదు మిల్లీల దగ్గరికి వచ్చింది. దానికి నిద్ర ఖర్చు యాభై ఆరు కలిపితే రెండు వందలు. ఆ బిళ్లలో వాడుకోవడానికి ఉండేది కూడా ఇంచుమించు అంతే. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత సరిగ్గా సరిపోయిన లెక్క ఆయన ఇంకొకటి చూడలేదు. లెక్క సరిపోతే ఏడుపు వస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

బావకి 'ఒక గంటలో వస్తా' అని చెప్పి బయటపడ్డాడు.

సోమవారం పదకొండున్నరకి తన వీధి ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఎవరో పరుపులు ఎండబెట్టుకుంటున్నారు. ఎవరో గోడకి సున్నం కొడుతున్నారు. ఇంటి దగ్గరికి వస్తుంటే కుట్టుమిషను చప్పుడు వినబడింది. భార్య బడి యూనిఫారాలు కుడుతుంది. నాలుగు బడుల నుంచి గుడ్డ వస్తుంది. మిషను హాల్లోనే ఉంటుంది.

తాళం చెవి తిప్పాడు. మిషను ఆగలేదు. లోపలికి వచ్చి చెప్పులు విడవకుండానే నిలబడిపోయాడు.

హాలు నిండా వెలుగుంది. ఆ గది తలుపు బార్లా తెరిచి ఉంది. గది కిటికీలోంచి ఎండ నేల మీద పడి, గుమ్మం దాటి, మిషను దాకా వచ్చి ఆమె చేతుల మీద పడుతోంది. ఆ హాలుకి వేరే కిటికీ లేదు. ఆదివారాల్లో మధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు వేసుకునే కూర్చుంటారు. 'ఈ ఇల్లు చీకటి కొట్టం' అని ఆయన చుట్టాలందరి దగ్గరా విసుక్కున్నాడు కూడా. చీకటి ఎవరి వల్ల వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

గదిలో మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. టేబుల్ మీద దుమ్ము లేదు. పిల్ల బూట్లు గోడ వారగా జతగా ఉన్నాయి. గోడ మీద సగం రంగు వేసిన చేప బొమ్మ ఉంది. అది అలాగే ఉంది.

భార్య గుడ్డ చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది. ఉలిక్కిపడలేదు. లేచి తలుపు మూయలేదు.

"వచ్చారా," అంది. "ఇన్నాళ్లకి."

మాట తోచనప్పుడు అందరూ చేసేదే ఆయనా చేశాడు, ఆఫీసు సంగతి ఎత్తుకున్నాడు. బ్యాటరీ పోయిందని, తప్పంతా బోర్డు మీద వేశానని, ఆ పాపం ఒక అమ్మాయి ఉద్యోగానికి చుట్టుకుందని, ఆ అమ్మాయి కాగితాలు తెచ్చి చూపించిందని గడగడా చెప్పాడు. "పదిన్నరకి ఆ కాగితం చూశాను. ఇవాళే తెలిసింది," అన్నాడు.

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఇవాళా?"

"ఇవాళే."

"మీరు చదువుతారన్నారు కదా. నేనే చదువుతా అన్నారు."

"ఏడాది తరవాత. మధ్యలో ఎవరూ చదవకూడదు. అది పరీక్ష."

"ఏడాది తరవాత అని నాకు చెప్పలేదండీ," అంది. గొంతులో కోపం లేదు, అదే ఆయనకి ఎక్కువ భయమేసింది. "మీరు రోజూ చూస్తున్నారనుకున్నాను. ఆఫీసుకి వెళ్లగానే చూసుకుంటారనుకున్నా. నోటితో చెప్పుకోలేం కదా మనం. మీ ముందు ఒకసారి తెరిచాను, గుర్తుందా? చెప్పులేసుకుని వెళ్లి రాత్రి పదికి వచ్చారు. అందుకే మీరు లేనప్పుడు తెరిచాను. ఆ డబ్బా అయినా మీకు చెబుతుంది కదా అని. ఇవాళ అడుగుతారు, రేపు అడుగుతారు అనుకున్నా. అడగరు. వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తింటారు. ఇంత గుండె రాయి ఎలా అయిందబ్బా ఈ మనిషికి అనుకున్నా. మొన్న గురువారం ఏకంగా ఊడదీసి తీసుకుపోయారు. ఇక చదవడం కూడా ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను."

మాస్టారు గోడకి ఆనుకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు. పది నెలల పాటు ఆ డబ్బా పిలిచినప్పుడల్లా లేచింది, నిమిషంతో సహా రాసుకుంది, ఒక్క రోజు తప్పలేదు. దాని మీద 'లేపొద్దు' అని రాసి అంటించింది తానే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

"నీకోసమే మూశాను ఆ గది," అన్నాడు. "నువ్వు చూడలేవని."

"నేను చూడలేనని మీకు ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. చూడలేనిది తానే. ఆ సంగతి ఒప్పుకోడానికి ఆయనకి రెండేళ్లూ ఒక బ్యాటరీ పట్టింది. భార్య ముందు ఏడవడం ఆ రెండేళ్లలో అదే మొదటిసారి. ఆమె వచ్చి పక్కన కూర్చోలేదు. మిషను మీద చేతులు పెట్టుకుని, ఆయన ఏడుపు అయ్యేదాకా కాచుకుంది. ఆమె ఏడుపంతా తెరిచిన ఆ తలుపు ముందు ఎప్పుడో అయిపోయింది.

తరవాత ఆమే అంది, "ముందు ఆ పిల్ల సంగతి చూడండి. పాపం, మన తలుపుకి ఆ పిల్ల ఏం చేసింది?"

ఆయన బావకి ఫోన్ చేశాడు. "బావా, బోర్డులో తప్పు లేదు. తప్పు నాది. ఆ తలుపు తెరుచుకుంటోంది. రోజూ."

"ఎవరు తెరుస్తున్నారు?"

"నీ చెల్లెలు."

"మరి... ఆ గది మాట ఎత్తితే తట్టుకోలేదన్నావు కదయ్యా. రెండేళ్లుగా నేను దాని మొహం చూసి ఒక్క మాట మాట్లాడలేదు," అన్నాడు బావ. మళ్లీ తనే అన్నాడు, "ఆ అమ్మాయి వెళ్లిపోయింది. నువ్వు అరిచాక పావుగంటకి వచ్చి, 'ఇంక నేనుండను సార్, చేయని తప్పు ఒప్పుకోను' అని కాగితం రాసిచ్చింది. నేను ఆపలేదు. తప్పు దానిదే అనుకున్నా."

మాస్టారు ఆ సాయంత్రం కస్టమర్‌కి రిపోర్టు రాశాడు. ఆ గుమ్మంలోనే, నేల మీద కూర్చుని రాశాడు. 'పన్నెండో డబ్బా సక్రమంగా పనిచేసింది. రాసిన ప్రతి ముక్కా నిజమే. తలుపు రోజుకి ఎనిమిది గంటలు తెరిచి ఉంది. తెరుచుకోదని చెప్పింది నేను. తెరిచి ఉన్నప్పుడు కరెంటు పోయే పద్ధతి ఎంచుకున్నదీ నేనే, బోర్డు గీసినవారు వద్దన్నా వినలేదు.' కింద తన పేరు పెట్టాడు. కాపీ ఒకటి బోర్డమ్మాయికి పంపి, ఆ గది ఎవరిదో చెప్పి, తప్పయిపోయిందమ్మా, తిరిగి రా అని రాశాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

రెండు రోజులకి జవాబొచ్చింది. 'పరవాలేదు సార్. వేరేచోట చేరుతున్నాను. కొత్త బోర్డులో రెండు మెగా ఓంలది పెట్టించండి. మీ అమ్మాయి సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఆ కాగితాలు అందరి ముందూ తెచ్చేదాన్ని కాదు.' మాస్టారు అది రెండుసార్లు చదివాడు. అరిస్తే పడింది ఆ అమ్మాయి, మళ్లీ నొచ్చుకుంటున్నదీ ఆ అమ్మాయే.

ఆదివారం వచ్చింది. పన్నెండో డబ్బాకి కొత్త బ్యాటరీ వేసి, పాతచోటే మళ్లీ బిగించాడు. భార్యే బిగించమంది. పైన చీటీ మాత్రం పీకేశాడు. హాల్లో ట్యూబ్‌లైటు వెలుగుతోంది. తలుపు మూసి ఉంది. ఇద్దరూ దాన్ని చూడనట్టు కాఫీ తాగారు. తొమ్మిదీ నలభైకి ఆమె గోడ గడియారం వైపు చూసింది, కానీ లేవలేదు. ఆదివారం లేవడం ఆమెకి అలవాటు లేదు.

ఆయన లేచాడు. గడియ తీసి తలుపు నెట్టాడు. ఎండ కాళ్ల మీద పడింది. చేప బొమ్మ కనబడగానే కాళ్లు వాటంతట అవే చెప్పుల వైపు తిరిగాయి. రెండడుగులు వేసి ఆగాడు. లోపలికి వెళ్లలేకపోయాడు, బయటికీ వెళ్లలేదు. ఆ మధ్యలోనే నిలబడి ఉండిపోయాడు.

ఆమె వెనక నుంచి వచ్చి ట్యూబ్‌లైటు ఆపేసింది.

"ఇప్పుడు తెరిచినట్టు రాసుకుని ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుంది."

"ఎప్పుడు చదువుతారు?"

"ఇవాళ సాయంత్రమే," అన్నాడు. ఆమె నమ్మిందో లేదో ఆయనకి తెలియలేదు. మిషను దగ్గరికి వెళ్లి కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించుకుంది.